డోలక్ తగ్గిస్తే పాట తగ్గింది

ఆమె గొంతు పోయిందని మొట్టమొదట అన్నది నేనే. ఆ తర్వాత చాలామంది అన్నారు కాబట్టి ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. నాకు గుర్తుంది. కోలాటం ప్రాక్టీసు అయ్యాక చెప్పులు వేసుకుంటూ, పక్కనున్న ఇద్దరికి వినపడేలా, "గొంతు అరిగిపోయింది పాపం, పాట కన్నా ఊపిరే ఎక్కువ వినపడుతోంది" అన్నాను. ఆ "పాపం" అనే మాట చేర్చాను కాబట్టి దయగా మాట్లాడాననే అనుకున్నాను.

నేను నూజివీడు దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా అదే పాఠం, అదే లాబు. మా ఇంట్లో నా నోటిని గురించి ఒక సామెతలాంటిది ఉంది: నాతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు, పుట్టినవాడు విసిగి వెళ్ళిపోయాడు అని. అన్నది మా ఆయన. మోకాళ్ళు పట్టేస్తున్నాయని డాక్టరు నడవమంటే, రోడ్డు మీద ఊరికే నడవడం నాకు చేతకాక కోలాటంలో చేరాను. పాతికమంది ఆడవాళ్ళం. సాయంత్రం అయిదింటికి మామిడికాయల షెడ్డులో ప్రాక్టీసు. కాయ దిగేదాకా షెడ్డు ఖాళీగానే ఉంటుంది. ఒక మూల ప్లాస్టిక్ క్రేట్లు నిలువుగా పేర్చి ఉంటాయి, నేలమీద నిరుటి గడ్డిపరకలు ఉంటాయి. షెడ్డు యజమాని భార్య మా బృందానికి పెద్ద. ఆవిణ్ణి మేమంతా వదినగారు అంటాం. చీరల రంగు దగ్గర్నుంచి ఎవరు ఏ వరుసలో నిలబడాలో దాకా ఆవిడ మాటే.

పాడేది మాత్రం మాలో ఒకరు కాదు. సీజన్లో అదే షెడ్డులో కాయలు ఏరి, సైజులు విడదీసి, క్రేట్లకి ఎత్తే మనిషి. మిగతా రోజుల్లో కలుపుకో, నాట్లకో, తోటల్లో పుల్లలు ఏరడానికో వెళుతుంది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. చదువు అయిదో తరగతి, పాటలు రెండొందలకు పైగా. పుస్తకం లేదు, సెల్‌ఫోన్లో చూసి పాడటం లేదు. పల్లవి ఎత్తుకుంటే ఇరవై అయిదుమంది కర్రలు ఒక్కసారి తగలాల్సిందే. ఆ పాటకి ఆమెకి దక్కేది పెద్దగా ఏమీ లేదు, ఒక చీర, ఒక పూట భోజనం, బండి ఎక్కించుకుని తీసుకెళ్ళి దించడం. కానీ ఆ గుంపులో ఆమె నడిమధ్య నిలబడుతుంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఎక్కడ నిలబడుతుందో అందరికీ తెలుసు.

నిరుడు మా బృందం స్థాయి పెరిగింది. అంతకుముందు పాడే మనిషికి ఒక్క మైకు, అంతే. డోలక్, హార్మోనియం వాటి సొంత గొంతుతో వినపడేవి. పక్క ఊరి బృందానికి మూడు మైకులున్నాయని వదినగారికి పట్టుదల వచ్చి, బెజవాడలో ఎవరో కట్టిచ్చిన చిన్న మిక్సరు పెట్టె కొనిపించారు. మూడు మైకులు పెట్టుకోవచ్చు, మూడింటికి మూడు నాబులు, అన్నీ కలిసి ఒక తీగలో ఆంప్లిఫయరుకి వెళతాయి. పెట్టె మీద ఎర్రలైటు కూడా ఉంది. ఎర్రలైటు ఉంటే మనవాళ్ళకి ఇంకేం అనుమానాలు రావు.

ఆమె గొంతు తగ్గడం ఆ పెట్టె వచ్చిన తర్వాతే మొదలయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందేమోనని ఎవరికీ తట్టలేదు. ఎలక్ట్రానిక్స్ చదువుకున్న మనిషి వాళ్ళతో పాటు కర్రలు పట్టుకుని తిరుగుతూనే ఉంది, ఆవిడకీ తట్టలేదు.

అసలు ఏం జరిగేదంటే, పాట మొదలయ్యాక డోలక్ మోత ఎక్కువై ఆమె గొంతు కలిసిపోయేది. ఆమె పాడుతూనే చేత్తో కిందికి సైగ చేసేది. డోలక్ వాయించే అతను, మామిడికాయల ఆటో తోలుకునే మనిషి, మంచివాడే, వెంటనే తన నాబు తగ్గించేవాడు. డోలక్ తగ్గేది. దాంతో పాటు ఆమె గొంతూ తగ్గేది. ఆమె ఇంకా గట్టిగా పాడేది. గట్టిగా పాడితే గరగర వచ్చేది. అతను ఇంకా తగ్గించేవాడు. చివరికి ఆమె మెడనరాలు ఉబ్బేదాకా అరుస్తుంటే స్పీకర్లోంచి ఎక్కడో దూరంగా పాడుతున్నట్టు వినపడేది.

"తగ్గించవయ్యా తమ్ముడూ" అనేదామె పాటకీ పాటకీ మధ్యలో.

"పూర్తిగా తగ్గిచ్చానక్కా. ఇంక తగ్గిచ్చాలంటే ఇంటికెళ్ళిపోవాలి" అనేవాడతను.

అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. తర్వాత్తర్వాత ఆమె నవ్వడం మానేసింది. మిరియాలు, పాలు, ఎవరో చెప్పిన కషాయం, అన్నీ అయ్యాయి. హనుమాన్ జంక్షన్లో గొంతు డాక్టరుకి కూడా చూపించుకుంది. ఆయన టార్చి వేసి చూసి, ఏమీ లేదు, గట్టిగా మాట్లాడటం తగ్గించు అన్నాడట. తోటలో మనుషుల్ని కేకేసి పిలుచుకునే ఆవిడకి.

ఫాల్గుణంలో, శ్రీరామనవమికి రెండు వారాల ముందు, వదినగారు పెన్‌డ్రైవ్ తెచ్చారు. జి. కొండూరు దగ్గర ఒక ఊళ్ళో నవమి పందిట్లో మా కోలాటం. పెన్‌డ్రైవ్‌లో పాటలన్నీ ఉన్నాయి, ఎవరో స్టూడియోలో పాడినవి. ఆవిడ మనిషి మొహం మీద ఏదీ కటువుగా అనరు. "ఈసారికి నువ్వు కూర్చుని చూడమ్మా, గొంతుకి విశ్రాంతి" అన్నారు. వచ్చే ఆదివారం ప్రాక్టీసులో ఒక్కసారి చివరిగా పాడించి చూద్దాం, వినపడకపోతే పెన్‌డ్రైవే అని తేల్చారు. ఈసారికి కూర్చుంటే ఇక ఎప్పటికీ కూర్చోవడమేనని అక్కడున్న అందరికీ తెలుసు. ఆమెకి మరీ బాగా తెలుసు. "సరేనండి" అంది. ఆ సాయంత్రం మా వరుసలో నా కర్ర రెండుసార్లు తప్పింది.

ఆ సాయంత్రమే హార్మోనియం మాస్టారు ఒక పని చేశారు. ఆయన రిటైరయిన తెలుగు మాస్టారు, నాలుగెకరాల తోట ఉన్నవారు, ఎవరి మాటా వినని మనిషి. ఆ లక్షణం వల్లే మేమిద్దరం అప్పుడప్పుడు మాట్లాడుకుంటాం. ఆమె గొంతు ఎటూ లేదు, నా శ్రుతి అయినా వినపడనీ అని, తన నాబు చివరిదాకా తిప్పేశారు. హార్మోనియం పెరిగింది. ఆమె గొంతు ఒక్కసారిగా పడిపోయింది.

నేను ఆగిపోయాను. వెనకనున్నావిడ కర్ర నా వీపుకి తగిలింది.

డోలక్ తగ్గిస్తే ఆమె గొంతు తగ్గింది. హార్మోనియం పెంచినా తగ్గింది. గొంతు అరిగిపోయిన మనిషికి ఈ లెక్క కుదరదు. గొంతుకి పక్కవాడి నాబు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

"మాస్టారూ, మీ నాబు మధ్యకి తిప్పండి" అన్నాను.

"ఎందుకు? నా హార్మోనియం మీద పడ్డారేం?"

"తిప్పండి, తర్వాత పోట్లాడదాం."

తిప్పారు. ఆమె గొంతు పైకి లేచింది. మళ్ళీ చివరికి తిప్పమన్నాను, పడిపోయింది. సున్నాకి తిప్పమన్నాను, అప్పుడూ పడిపోయింది. ఆమె పాడుతూనే ఉంది, ఏం జరుగుతోందో తెలియక నా వైపే చూస్తోంది. నాకు మొహం వేడెక్కింది. ఇరవై రెండేళ్ళుగా మూడో సెమిస్టరు పిల్లలకి నేను చెప్పే పాఠం నా కళ్ళముందు ఏడాదిగా జరుగుతుంటే, నేను దానికి పాపం అని పేరు పెట్టాను.

పెట్టె అడిగి తీసుకున్నాను. వదినగారు ఒప్పుకోవడానికి కాస్త వాదన పట్టింది. పాడైతే కొత్తది నేను కొనిస్తానన్నాక ఇచ్చారు.

మర్నాడు లాబులో మూత విప్పాను. లోపల పని శుభ్రంగానే ఉంది, కట్టినవాణ్ణి తిట్టడానికి లేదు. ఒక్కో మైకుకి దాని సన్నటి శబ్దాన్ని పెంచే ఒక చిన్న ప్రీయాంప్, దాని తర్వాత వంద కిలో ఓముల వాల్యూమ్ నాబు, నాబు నడిమి కాలు నుంచి నాలుగు పాయింట్ ఏడు కిలో ఓముల రెసిస్టరు, ఆ మూడు రెసిస్టర్ల చివర్లూ ఒకేచోట అతుకు. అక్కణ్ణించి నేరుగా బయటికి. మూడు తీగలు మెలేసి కలిపినట్టే. ఎవరూ నాబులు ముట్టుకోకపోతే నడిచిపోతుంది. మనవాళ్ళు ముట్టుకోకుండా ఉంటారా?

ఆమె దారిలోకి సిగ్నల్ జనరేటరుతో ఒక వోల్టు స్వరం పంపాను, ఆమె నాబు పూర్తిగా పెట్టాను, మిగతా రెండూ మధ్యలో ఉంచాను. చివర్లో ఏడువందల అరవై మిల్లీవోల్టులు వచ్చాయి. డోలక్ నాబు సున్నాకి తిప్పాను, నాలుగువందల అరవై. పూర్తిగా పెంచాను, మళ్ళీ నాలుగువందల అరవై. డోలక్, హార్మోనియం రెండూ సున్నాకి తెచ్చాను, మూడువందల ముప్ఫై. ఆమె దారిలో నేను ఏమీ ముట్టుకోలేదు.

నాబు మధ్యలో ఉన్నప్పుడు దాని వైపు నుంచి కరెంటు పోవడానికి అడ్డు ఎక్కువ. సున్నాలో ఉంటే నడిమి కాలు నేరుగా గ్రౌండుకి తగిలినట్టే, పూర్తిగా పెంచితే పక్క ప్రీయాంప్‌కి తగిలినట్టే. రెండు చోట్లా ఆమె పాట తన దారి వదిలి పక్కవాళ్ళ దారిలోకి జారిపోతోంది. పాపం ఆమె, డోలక్ తగ్గించమని బతిమాలిన ప్రతిసారీ తన గొంతుకే చిల్లు పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. క్షమాపణ చెబుదామనే వెళ్ళాను. నాకు క్షమాపణలు అలవాటు లేదు, అందుకని సర్క్యూటు చెప్పడం మొదలుపెట్టాను. కాగితం మీద మూడు గీతలు గీసి, అవి కలిసే చోట చుక్కపెట్టి, పిల్లలకి రాసే అలవాటుతో పక్కన "కలుపు" అని రాశాను.

ఆమె కూడబలుక్కుని చదివింది. "కలుపా? మరి పీకెయ్యకపోయారా?"

"ఆ కలుపు కాదు. మూడూ కలిసే చోటు."

"నాకు తెలిసిన కలుపు అదేనండి. పీకేదే." నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

నేను ఇంకా చెబుతూ పోయాను. ఆప్‌యాంప్ అని ఒక ఐసీ ఉంటుంది, దాని మైనస్ కాలు దగ్గర ఈ చుక్కని తగిలిస్తాం, బయటికి వచ్చే కాలు నుంచి మళ్ళీ ఇక్కడికే ఒక రెసిస్టరు తిప్పి కడతాం, అప్పుడు ఈ చుక్క దగ్గర వోల్టేజి పైకీ కిందికీ ఊగదు, దీన్ని వర్చువల్ గ్రౌండ్ అంటారు అని. ఆమె మర్యాదగా తలూపింది. నా క్లాసులో పిల్లలు సరిగ్గా అలాగే తలూపి, తర్వాత పరీక్షలో సున్నాలు తెచ్చుకుంటారు. అందుకని ఆగి, తోటలో నీళ్ళ సంగతి ఎత్తాను. మూడు బోర్ల పైపులు ఒకదానికొకటి అతికిస్తే ఏమవుతుంది అని అడిగాను.

"ఏమయిద్ది, గట్టి మోటారు నీళ్ళు మెత్త మోటారు పైపులోకి ఎదురెక్కుతాయి. ఒకాయన వాల్వు తిప్పితే ఇంకొకాయనకి ధార పడిపోయిద్ది. ఆళ్ళూ ఆళ్ళూ కొట్టుకుంటారు."

"అలా కాకుండా ఉండాలంటే?"

"మూడూ తొట్లో వదలాలి. పైనుంచి." ఆమె ఒక క్షణం ఆలోచించింది. "కానండీ, తొట్టి నిండకూడదు. నిండితే పైపు మూతి మునిగిద్ది, మళ్ళీ ఎదురొచ్చిద్ది. ఎన్ని నీళ్ళు పడితే అన్నీ అప్పటికప్పుడు తోడేసే మోటారు ఉండాలి కింద. అప్పుడు ఎవరి ధార ఆళ్ళదే."

నేను పెన్ను మూత పెట్టాను. అదే. ఆప్‌యాంప్ చేసేది సరిగ్గా అదే. చుక్క దగ్గరికి మూడు దారుల్నుంచి వచ్చిన కరెంటునంతా తిప్పి కట్టిన రెసిస్టరు గుండా అప్పటికప్పుడు లాగేస్తుంది. అక్కడ మట్టం ఎప్పుడూ లేవదు కాబట్టి ఒకరి కరెంటు ఇంకొకరి దారిలోకి ఎదురెక్కదు. ఎంత లాగిందో దానికి తగ్గట్టు బయటి కాలు దగ్గర మొత్తం పాట తయారవుతుంది. ఆ తొట్టిని నేను ఇప్పుడు నా క్లాసులో చెబుతున్నాను. ఎవరు చెప్పారో కూడా చెబుతున్నాను.

అప్పుడైనా చెప్పాలి కదా, చెప్పాను. గొంతు పోయిందని మొదట అన్నది నేనేనని, తప్పని.

ఆమె కాగితం మడతపెట్టింది. "మీరు అంటే ఏముందండి. నేనూ నమ్మానుగా. నిరుడంతా పొద్దున్నే లేచి ఒక పల్లవి అనుకునేదాన్ని, ఇంట్లో బాగానే ఉండేది. షెడ్డుకొచ్చేసరికి ఉండేది కాదు. ఇంట్లో నా చెవులే నాకు అబద్ధం చెబుతున్నాయేమో అనుకున్నాను." అంతలోనే, "ఆదివారానికి అయిద్దా?" అంది.

అవుతుందన్నాను.

కట్టడం గంట పని. తప్పు చెయ్యకపోతే. వంద కిలో ఓముల నాబులు తీసేసి పది కిలో ఓములవి వేశాను. పెద్ద నాబైతే తిప్పినచోటల్లా దాని సొంత అడ్డే దారిలో కలిసి లెక్క పాడుచేస్తుంది. మూడు దారులకి మూడు వేరువేరు రెసిస్టర్లు, తిప్పి కట్టే దారిలో వంద కిలో ఓములు. ఆడియో కోసం చేసిన తక్కువ రొద ఐసీ ఒకటి నా సొరుగులో ఉంది, అది పెట్టాను. ఆన్ చేసి స్వరం పంపితే గొంతు తెగిన కోడి అరుపులాంటిది వచ్చింది.

ఎక్కడ తప్పో కనుక్కోవడానికి నాకు సిగ్గుపడేంత సేపు పట్టింది. లాబులో ఐసీకి ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు, రెండూ ఇస్తాం. అక్కడ ప్లస్ కాలుని గ్రౌండుకి కడితే సరిపోతుంది. ఈ పెట్టెలో ఉన్నది ఒట్టి పన్నెండే, మైనస్ లేదు. నేను అలవాటు కొద్దీ ప్లస్ కాలుని గ్రౌండుకి కట్టేశాను. స్వరం కిందికి ఊగాల్సిన సగానికి చోటే లేదు, సగం తరంగం తెగిపోతోంది. పిల్లలు ఇదే తప్పు చేస్తే నేను రెండు మార్కులు కోసి, ఎర్రసిరాతో ఒక మాట కూడా రాస్తాను. ఆ మాట నాకు నేను అనుకుని, రెండు సమాన రెసిస్టర్లతో పన్నెండుని సగం చేసి ఆరు వోల్టుల దగ్గర ప్లస్ కాలుని నిలబెట్టి, అక్కడ ఒక కెపాసిటరు పెట్టాను. లోపలికి వచ్చే దారుల్లో, బయటికి వెళ్ళే దారిలో కూడా కెపాసిటర్లు పెట్టాను, ఆ ఆరు వోల్టులు పక్కకి పోకుండా. ఇప్పుడు తొట్టి మట్టం సున్నా దగ్గర కాక ఆరు దగ్గర కదలకుండా నిలుస్తుంది, అంతే తేడా.

ఆమె దారిలో రెండువందల మిల్లీవోల్టులు పంపాను. ఆరువందల నాలుగు వచ్చింది. డోలక్ నాబు అటు చివరికి, ఇటు చివరికి తిప్పాను. హార్మోనియంది తిప్పాను. రెండూ కలిపి తిప్పాను. ఆరువందల నాలుగు. నేను ఒక్కదాన్నే ఉన్న లాబులో మీటరుకి నమస్కారం పెట్టానంటే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పను.

శనివారం మాస్టారు మా ఇంటికొచ్చారు, పెట్టె చూడటానికని. నేను గీసిన కాగితం బల్లమీద ఉంది. కళ్ళజోడు సవరించుకుని మూడు రెసిస్టర్లూ చదివారు. ఆమెకి ముప్ఫైమూడు, హార్మోనియంకి వంద, డోలక్‌కి రెండువందల ఇరవై.

"నాకు వంద, ఆమెకి ముప్ఫైమూడేనా? ఆమెకి తక్కువ ఇచ్చారేం, పాడేది ఆమె కదా?"

మనిషి మనసు మంచిదేనని ఆ క్షణంలో ఒప్పుకున్నాను. రెసిస్టరు తగ్గితే బలం పెరుగుతుందని చెప్పాను. తిప్పి కట్టినది వంద, దాన్ని ఎవరి రెసిస్టరుతో వాళ్ళకి భాగించాలి. ఆమెకి మూడు రెట్లు, ఆయనకి ఒకటి, డోలక్‌కి సగం కన్నా కొంచెం తక్కువ. ఆయన మొహం మారింది.

"మూడు రెట్లా? నాకు ఒకటా? ఇదేం పంపకమండీ. ముగ్గురికీ సమానంగా పెట్టండి, ఎవరికీ మాట రాదు."

"పెట్టెలో సమానంగా పెడితే చెవిలో సమానంగా రాదు మాస్టారూ. మీ మైకు హార్మోనియం లోపల తలపెట్టుకుని ఉంటుంది. డోలక్ మైకు తోలుకి జానెడు దూరం. ఆమె మైకు పాతది, పైగా ఆమె మెడ తిప్పుకుంటూ పాడుతుంది. మీ దగ్గర్నుంచి వచ్చేదే మూడింతలు ఉంది."

"అయితే ఆమెని మైకు దగ్గర నిలబడమనండి."

"ఇరవై అయిదుమంది అడుగులు చూసి పాడాలి, మైకుని ముద్దుపెట్టుకుంటూ కూర్చోదు."

ఆయన ఇంకో వైపునుంచి వచ్చారు. మీ ఐసీ పాటని తలకిందులు చేస్తుందట కదా, మీ కాగితం మీదే మైనస్ గుర్తు ఉంది, అది పాడవదా అన్నారు. ముగ్గురినీ కలిపే తలకిందులు చేస్తుంది, ఒకరిని వదిలేస్తే తంటా గానీ అందరూ కలిసి బోర్లాపడితే చెవికి తెలియదు అన్నాను. తెలుగు మాస్టారు కాబట్టి ఆ మాట ఆయనకి నచ్చింది, టీ తాగి వెళ్ళారు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు. నేనైనా అనేదాన్ని కాదు.

ఆదివారం షెడ్డులో అందరూ ఉన్నారు. వదినగారు పెన్‌డ్రైవ్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. నేను పెట్టె కలిపి, ముగ్గురి నాబులూ సగానికి పైన పెట్టి, పక్కకి తప్పుకున్నాను. ఆమె గొంతు సవరించుకుంది. ఏడాదిగా అలవాటైన పద్ధతిలోనే, పొట్ట బిగించి, మెడ నరాలు ఉబ్బించి, ఉన్న శక్తంతా పెట్టి పల్లవి ఎత్తుకుంది.

స్పీకరు బద్దలైనట్టయింది. గొంతు చీలి, రేకు అరిచినట్టు వచ్చింది. వదినగారు చెవులు మూసుకున్నారు. ఎవరో "ఇదేంటండీ, ఇంకా పాడుచేశారు" అన్నారు. అన్నవారెవరో నేను చూడలేదు.

లెక్క నేను కాగితం మీద వేశాను గానీ, ఏడాదిపాటు మునిగిపోతున్న మనిషి ఎంత గట్టిగా అరవడం నేర్చుకుంటుందో ఆ లెక్కలో లేదు. ఆమె అరుపుకి మూడు రెట్లు, దాని మీద డోలక్, హార్మోనియం, అన్నీ కూడితే పన్నెండు వోల్టుల్లో పట్టడం లేదు. పట్టని చోట ఐసీ పైనా కిందా కోసేస్తుంది. అందరూ ఎవరికి వాళ్ళే ఉన్నా, కూడిక మాత్రం ఒకటే కదా.

సోల్డరింగ్ ఐరన్ సంచిలోనే ఉంది. అక్కడే క్రేటు బోర్లించి, ముప్ఫైమూడు తీసి నలభైఏడు వేశాను. ఆమెకి ఇప్పుడు రెండు రెట్లు పైన. ఆ పదినిమిషాలూ వదినగారు పెన్‌డ్రైవ్ మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

మూత బిగించి ఆమె దగ్గరికి వెళ్ళాను. "అరవద్దు. ఇంట్లో పొద్దున్నే ఎలా అనుకుంటావో అలా అను."

"వినపడదండి."

"వినపడకపోతే నా మీద పడు. అను."

ఆమె అన్నది. అది నిజంగా అనడమే, పాడటం కూడా కాదు. మూల దాకా, క్రేట్ల దాకా స్పష్టంగా వినపడింది. ఏడాదిగా మేము విననివి అందులో ఉన్నాయి, మాట చివర చిన్న విరుపు, ఊపిరి తీసుకోవడానికి ముందు ఒక జాగా. డోలక్ అతను అలవాటు కొద్దీ చెయ్యి నాబు మీదికి పోనిచ్చి సున్నాకి తిప్పాడు. డోలక్ ఒక్కటే తగ్గింది. ఆమె గొంతు ఉన్నచోటే ఉంది. అతను మళ్ళీ పెంచాడు, మళ్ళీ తగ్గించాడు, ఆమె వైపు చూస్తూ. ఆమెకి పాట మధ్యలో నవ్వొచ్చి ఒక చరణం తప్పింది.

మాస్టారు తన నాబు చివరిదాకా తిప్పి చూశారు. ఆమె గొంతు కదల్లేదు. "ఊఁ" అన్నారు. అది ఆయన దగ్గర పెద్ద మాట.

పాట అయ్యాక వదినగారు పెన్‌డ్రైవ్ హ్యాండుబ్యాగులో వేసుకుని, జిప్పు లాగి, నవమికి ఆమె చీర ఏ రంగు ఉండాలో మాట్లాడటం మొదలుపెట్టారు. అందరిదీ ఆకుపచ్చ, పాడే మనిషిది వేరుగా ఉండాలి కదా, పసుపు బాగుంటుందేమో అన్నారు.

నవమి రోజు పందిట్లో మధ్యాహ్నం దాటాక మా వంతు వచ్చింది. ఎండ గట్టిగానే ఉంది, తోటల్లో పిందె నిలబడే రోజులు. పెట్టె ఆమె పక్కన బల్లమీద పెట్టాను. మొదటి రెండు పాటలూ ఆమె బెరుగ్గా, ఇంకా సగం అరుస్తూనే పాడింది. పాత అలవాటు మనిషిని అంత త్వరగా వదలదు. మూడో పాటకి డోలక్ బాగా ఊపందుకుంది. నేను నా వరుసలో తిరుగుతూ ఆమె చేతి సైగ కోసం చూశాను, ఇప్పుడు డోలక్ తగ్గించమంటుందని.

ఆమె అతని వైపు చూడలేదు. పాడుతూ పాడుతూ కిందికి చూసి, బల్లమీద తన నాబు వెతుక్కుని, ఎడమచేత్తో కొంచెం వెనక్కి తిప్పుకుంది. తన గొంతు తనకి ఎక్కువైనట్టుంది. డోలక్ ఎలా ఉందో అలాగే ఉంది, హార్మోనియం అలాగే ఉంది. ఆమె గొంతు మాత్రమే, ఆమె తిప్పుకున్నంత తగ్గి, అక్కడ నిలబడింది.